పని చేసేదెవరు, ఎదురుచూసేదెవరు?

గేమ్ ఆడుతుంటే ఒకచోట బొమ్మ తడబడుతుంది. పక్కన కూర్చున్నవాళ్లు వెంటనే అనే మాట, ‘గ్రాఫిక్స్ కార్డు చాలట్లేదు, కొత్తది వేయించు’ అని. గేమ్ తయారుచేసేవాళ్లు కూడా చాలాసార్లు ఇలాగే ఆలోచిస్తారు. నీడలు తీసేస్తారు, బొమ్మల నాణ్యత తగ్గిస్తారు. దృశ్యం వెలవెలపోతుంది కానీ తడబాటు తగ్గదు. తప్పు గ్రాఫిక్స్ చిప్‌ది కానప్పుడు దాని నెత్తిన బరువు ఎంత దించినా ప్రయోజనం ఉండదు. సీపీయూ వల్ల ఆలస్యమవుతోందా, జీపీయూ వల్లనా అన్నది ఊహించి చెప్పేది కాదు, కొలిచి తేల్చేది. అయితే కొలిచినవాళ్లు కూడా అంకెను తప్పుగా చదివి బోల్తాపడే చోటు ఒకటుంది. ఈ వ్యాసం ముఖ్యంగా దాని గురించే.

తెరపై కదిలే దృశ్యమంతా వరసగా వచ్చే నిశ్చల చిత్రాలే. ఒక్కో చిత్రం ఒక ఫ్రేమ్. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేమ్ 16.67 మిల్లీసెకన్లలో తయారవ్వాలి. ఈ లెక్కలో ‘సెకనుకు ఎన్ని ఫ్రేములు’ కంటే ‘ఫ్రేముకు ఎన్ని మిల్లీసెకన్లు’ అని చూడటమే మంచిది. రెండు చోట్ల మిగిల్చిన మిల్లీసెకన్లను కూడుకోవచ్చు. ఫ్రేముల సంఖ్యను అలా కూడలేం.

ఒక ఫ్రేమ్ తయారీలో ముగ్గురి పని ఉంటుంది. మొదటిది సీపీయూ మీద నడిచే మెయిన్ థ్రెడ్. ఎవరు ఎటు కదిలారు, ఏ వస్తువు ఏ వస్తువును తాకింది, కెమెరాకు ఏవేవి కనిపిస్తాయి అన్నది తేల్చేది అదే. రెండోది కూడా సీపీయూ మీదే నడుస్తుంది, దాన్ని రెండర్ థ్రెడ్ అంటారు. మెయిన్ థ్రెడ్ ఇచ్చిన జాబితా తీసుకుని ‘ఈ వస్తువును ఈ రంగుతో, ఈ చోట గీయి’ అని జీపీయూకి అర్థమయ్యే ఆదేశాలుగా రాసి పంపుతుంది. ఆ ఒక్కో ఆదేశాన్ని డ్రా కాల్ అంటారు. ఆదేశాలు అందుకుని నిజంగా పిక్సెళ్లకు రంగు వేసే జీపీయూ మూడోది.

ముగ్గురూ ఒకే సమయంలో వేర్వేరు ఫ్రేముల మీద పనిచేస్తుంటారు. జీపీయూ పదో ఫ్రేమ్ గీస్తుండగా మెయిన్ థ్రెడ్ పదకొండో ఫ్రేమ్ లెక్కల్లో ఉంటుంది. అందువల్ల ఫ్రేముకు పట్టే సమయం ముగ్గురి సమయాల కూడిక కాదు, ముగ్గురిలో అందరికంటే ఎక్కువసేపు తీసుకున్నవాళ్ల సమయం. మిగతా ఇద్దరూ పని ముగించి వాళ్ల కోసం ఆగుతారు. ఈ ఆగడం కూడా ప్రొఫైలర్‌లో పొడవాటి పట్టీలాగే కనిపిస్తుంది. చాలామంది తప్పు చదివేది ఇక్కడే.

ఒక దృశ్యం తీసుకుని అంకెలతో సహా చూద్దాం. యూనిటీ ఇంజిన్‌లో దాని పాత బిల్ట్-ఇన్ రెండర్ పద్ధతితో చేసిన గేమ్. రాత్రి పూట, వానలో తడుస్తున్న బజారు వీధి. రెండు పక్కలా బళ్లు, వాటి మీంచి లేచే పొగ, పైన వీధి పొడవునా తోరణాల్లా కట్టిన రంగు బల్బులు. మామూలు ల్యాప్‌టాప్, 1920×1080 రిజల్యూషన్. ఫ్రేము సమయం ఎప్పుడు చూసినా 33.3 మిల్లీసెకన్లు.

అంత కచ్చితంగా 33.3 దగ్గర నిలబడటమే మొదటి అనుమానం. తెర సెకనుకు 60 సార్లు మారుతుంది. వీసింక్ ఆన్‌లో ఉంటే ఫ్రేమ్ ఆ మార్పు కోసం ఆగుతుంది. 16.67 లోపు సిద్ధం కాకపోతే, ఒక్క మిల్లీసెకను ఆలస్యమైనా మరో మార్పు దాకా ఆగాల్సి వచ్చి 33.3 అవుతుంది. అంటే ఆ అంకెలో అసలు పని 17 మిల్లీసెకన్లో, 32 మిల్లీసెకన్లో తెలియదు. కొలిచే ముందు ఈ ముసుగు తీయాలి:

```csharp
QualitySettings.vSyncCount = 0;
Application.targetFrameRate = -1;
```

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. యూనిటీ ఎడిటర్ లోపల నడిపి కొలవకూడదు, ఎందుకంటే ఎడిటర్ తన సొంత పని కూడా ఆ లెక్కలో కలిపేస్తుంది. డెవలప్‌మెంట్ బిల్డ్ తీసి, విడిగా నడిపి, దానికి ప్రొఫైలర్‌ను జోడించాలి.

అలా చేశాక వీధి మధ్యలో నిలబడి ఎదురుగా చూస్తే ఫ్రేము సమయం 24 మిల్లీసెకన్లుగా బయటపడింది. ప్రొఫైలర్‌లో టైమ్‌లైన్ తెరిస్తే మెయిన్ థ్రెడ్ వరస 24 మిల్లీసెకన్లూ నిండుగా ఉంది. కొత్తవాళ్లు దీన్ని చూసి ‘సీపీయూ నిండిపోయింది’ అనేస్తారు. పట్టీల మీది పేర్లు చదివితే సంగతి వేరు. ఆట లెక్కలు 8 మిల్లీసెకన్లలో అయిపోయాయి. మిగతా 16 మిల్లీసెకన్ల పట్టీ మీద ఉన్న పేరు `Gfx.WaitForPresentOnGfxThread`. అంటే మెయిన్ థ్రెడ్ తన వంతు ముగించి, రెండర్ థ్రెడ్ ఫ్రేమును అప్పజెప్పేదాకా ఊరికే నిలబడిందన్నమాట.

ఈ పేరు కనబడగానే ‘అయితే జీపీయూదే తప్పు’ అని చాలామంది తీర్పు చెప్పేస్తారు. అది తొందరపాటు. మెయిన్ థ్రెడ్ ఎదురుచూస్తోంది రెండర్ థ్రెడ్ కోసం. ఆ రెండర్ థ్రెడ్ ఏం చేస్తోందో చూడకుండా తీర్పు ఇవ్వకూడదు. కింది వరసలో చూస్తే ఆదేశాలు పంపే పని 6 మిల్లీసెకన్లే, తర్వాత 18 మిల్లీసెకన్లు `Gfx.PresentFrame`. రెండర్ థ్రెడ్ కూడా ఆగే ఉంది. వీసింక్ తీసేశాం కాబట్టి అది ఆగింది తెర కోసం కాదు, జీపీయూ కోసమే. జీపీయూ సమయం 23.6 మిల్లీసెకన్లు. ఇద్దరు ఆగి, ఒక్కరే పనిలో ఉన్నారు. ఇది జీపీయూ మీద బరువు పడిన దృశ్యం.

దీన్ని ఒక చిన్న పరీక్షతో ఖాయం చేసుకోవచ్చు. రిజల్యూషన్‌ను రెండు వైపులా సగం చేస్తే పిక్సెళ్లు నాలుగో వంతుకు పడిపోతాయి.

```csharp
Screen.SetResolution(960, 540, true);
```

ఇలా చేస్తే ఫ్రేము 24 నుంచి 10 మిల్లీసెకన్లకు దిగింది. ఆట లెక్కలు మారలేదు, ఆదేశాల సంఖ్య మారలేదు, తగ్గింది పిక్సెళ్లే. కాబట్టి కాలమంతా పిక్సెళ్లకు రంగు వేయడంలోనే పోతోంది. ఈ పరీక్ష ఒకవైపే గట్టిగా మాట్లాడుతుందని మాత్రం గుర్తుంచుకోవాలి. సమయం తగ్గితే తప్పు జీపీయూదేనని ధైర్యంగా అనొచ్చు. తగ్గకపోతే మాత్రం అది సీపీయూదేనని అనలేం. లక్షల కొద్దీ త్రిభుజాలను సర్దడంలోనో, నీడల చిత్రం గీయడంలోనో జీపీయూ ఇరుక్కుని ఉంటే తెర రిజల్యూషన్ తగ్గించినా ఆ పని తగ్గదు.

జీపీయూ అని తేలింది సరే, అందులో ఏది? ప్రొఫైలర్ చూపేది మొత్తం సమయమే. లోపలికి వెళ్లాలంటే ఫ్రేమ్ క్యాప్చర్ కావాలి. బాల్డూర్ కార్ల్‌సన్ రూపొందించిన రెండర్‌డాక్ ఇందుకు బాగా వాడుకలో ఉన్న ఉచిత పరికరం. గేమ్‌ను దాని ద్వారా ప్రారంభించి, తడబడే చోట `F12` నొక్కితే ఆ ఒక్క ఫ్రేములో జీపీయూకి వెళ్లిన ప్రతి ఆదేశాన్నీ, అది వాడుకున్న ప్రతి బొమ్మనూ ఫైలుగా దాస్తుంది. తర్వాత ఆ ఫైలు తెరిచి, ఏ ఆదేశం దగ్గర ఆగితే తెర ఎలా ఉందో ఒక్కొక్కటిగా చూసుకోవచ్చు. ఈవెంట్ బ్రౌజర్‌లో గడియారం గుర్తు నొక్కితే ఒక్కో ఆదేశానికి జీపీయూ మీద ఎంత సమయం పట్టిందో పక్కన వస్తుంది.

మన వీధిలో నీడల చిత్రానికి 2.5, ఇళ్లూ బళ్లూ నేలకు 5, చివర రంగులు సవరించే పనికి 2.5 మిల్లీసెకన్లు పట్టాయి. పొగ, వాన కలిసి 13.5 తినేశాయి. పొగ అంటే గేమ్‌లో ఏముంటుంది? ఒకదాని మీద ఒకటి పరిచిన పలచటి చతురస్రాలు. గోడలాంటి వస్తువు వెనక ఉన్నదాన్ని జీపీయూ గీయకుండా వదిలేయగలదు. పారదర్శకమైనదాన్ని అలా వదలలేదు. ప్రతి పొరకూ కింద ఉన్న రంగు చదివి, కొత్త రంగు కలిపి, మళ్లీ రాయాలి. రెండర్‌డాక్‌లో ఓవర్‌లే జాబితా నుంచి `Quad Overdraw (Pass)` ఎంచుకుంటే ఒక్కో చోట ఎన్ని పొరలు పడ్డాయో రంగుల్లో కనిపిస్తుంది. మిర్చి బజ్జీల బండి మీది పొగలో ఇరవైకి పైగా పొరలున్నాయి. ఇంకా దగ్గరగా చూస్తే, ఒక్కో చతురస్రంలో పొగ బొమ్మ మధ్యలో కొంచెమే ఉంది, అంచులన్నీ ఖాళీ. కంటికి కనబడని ఆ ఖాళీ అంచులకు కూడా జీపీయూ పూర్తి పని చేస్తోంది.

పొగ చతురస్రాల సంఖ్య తగ్గించి, మిగిలినవాటిలో పొగను కాస్త చిక్కగా గీసి, ఖాళీ అంచులు కత్తిరించాక 13.5 కాస్తా 5కి వచ్చింది. ఫ్రేము 15 మిల్లీసెకన్లు. ఇళ్ల బొమ్మల నాణ్యత గానీ, నీడలు గానీ ముట్టుకోనే లేదు.

ఇక అదే గేమ్‌లో కెమెరా మేడ మీదికి ఎక్కి వీధిని పైనుంచి చూస్తుంది. పొగ దూరమైపోయింది, బల్బుల తోరణాలన్నీ ఒకేసారి కనిపిస్తున్నాయి. ఫ్రేము 25 మిల్లీసెకన్లు. మెయిన్ థ్రెడ్‌లో 10 మిల్లీసెకన్ల పని, 15 మిల్లీసెకన్ల `Gfx.WaitForPresentOnGfxThread`. పేరు అదే. పైగా పక్కనే జీపీయూ సమయం 22 మిల్లీసెకన్లని చూపిస్తోంది. ఇందాకటి కథే మళ్లీ జరుగుతోందని ఎవరికైనా అనిపిస్తుంది. మొదటి దృశ్యం తేలిగ్గా తేలిపోయింది గనక, ఇక్కడ ఇంకా సులువుగా మోసపోతాం.

రెండర్ థ్రెడ్ వరస చూడండి. ఇందాక దాదాపు ఖాళీగా ఉన్న ఆ వరస ఇప్పుడు 24 మిల్లీసెకన్ల `Camera.Render` పనితో కిక్కిరిసి ఉంది. `Gfx.PresentFrame` ఒక మిల్లీసెకను కూడా లేదు. అంటే రెండర్ థ్రెడ్ ఎవరికోసమూ ఆగడం లేదు. అందరూ దాని కోసమే ఆగుతున్నారు. రెండర్ థ్రెడ్ నడిచేది సీపీయూ మీద, కాబట్టి ఇది సీపీయూ వల్ల వచ్చిన ఆలస్యం. రిజల్యూషన్ సగం చేసి చూస్తే 25 మిల్లీసెకన్లు 25గానే ఉన్నాయి.

మరి జీపీయూ 22 మిల్లీసెకన్లు అని ఎందుకు చూపింది? చాలా పరికరాల్లో ఆ అంకె వచ్చే తీరు ఇది: ఫ్రేములోని మొదటి ఆదేశం దగ్గర జీపీయూ ఒక సమయం రాసుకుంటుంది, చివరి ఆదేశం దగ్గర ఇంకోటి. రెంటి తేడాయే జీపీయూ సమయం. ఆదేశాలు చుక్కలు చుక్కలుగా వస్తుంటే మధ్యలో జీపీయూ ఖాళీగా ఉన్న కాలం కూడా అందులో కలిసిపోతుంది. అది ఎంతసేపు పనిచేసిందో ఆ అంకె చెప్పదు. ఎప్పుడు మొదలుపెట్టి ఎప్పుడు ముగించిందో మాత్రమే చెబుతుంది.

దీన్ని విడదీయడానికి ఫ్రేమ్ క్యాప్చర్ మళ్లీ పనికొస్తుంది. రెండర్‌డాక్‌లో ఈ ఫ్రేమును తెరిచి అన్ని ఆదేశాల సమయాలూ కూడితే 9 మిల్లీసెకన్లే వచ్చింది. అది ఒక్కో ఆదేశాన్నీ విడివిడిగా కొలుస్తుంది. నిజమైన ఆటలో జీపీయూ పక్కపక్క ఆదేశాల పనిని కొంత కలిపి చేసుకుంటుంది కాబట్టి ఆ కూడిక మామూలుగా అసలు కంటే కాస్త ఎక్కువే వస్తుంది, తక్కువ రావడం అరుదు. అలాంటి కూడికే 9 దగ్గర ఆగితే, జీపీయూ 22 మిల్లీసెకన్లు పనిలో మునిగి ఉండే అవకాశం లేదు. ఒకటి రెండు మిల్లీసెకన్ల తేడా అయితే పట్టించుకోనక్కర్లేదు గానీ రెట్టింపుకు మించిన తేడా తీర్పుకు చాలు.

క్యాప్చర్ జాబితాలోనే రోగం కూడా కనబడింది. `DrawIndexed` అన్న వరస తెర కిందికి జరిపేకొద్దీ వస్తూనే ఉంది. దాదాపు 3,200 సార్లు, ప్రతిసారీ అవే త్రిభుజాలు, అదే బల్బు. ఒక్కోదానికి జీపీయూకి పట్టేది ఒక మైక్రోసెకను. కానీ దాన్ని గీయమని చెప్పడానికి రెండర్ థ్రెడ్ ప్రతిసారీ రంగు, స్థానం, సెట్టింగులు కొత్తగా అమర్చి డ్రైవర్‌కు పంపాలి. దానికి పట్టేది ఆరు మైక్రోసెకన్లు. పని కంటే పని చెప్పడానికే ఎక్కువ కాలం పోతోంది.

ఒకే బల్బు అన్నిసార్లు విడిగా ఎందుకు వెళ్తోంది? యూనిటీలోనే ఉండే ఫ్రేమ్ డీబగ్గర్ తెరిస్తే ఒక ఆదేశం ముందుదానితో ఎందుకు కలవలేదో కారణం రాసి ఉంటుంది. ఇక్కడ రాసింది `Objects have different materials` అని, అంటే వస్తువుల మెటీరియల్స్ వేర్వేరు. నిజానికి తయారుచేసినవాళ్లు వాడింది ఒకే మెటీరియల్. బల్బులు రంగులు మార్చుకోవడానికి రాసిన ఈ ఒక్క వాక్యమే తేడా తెచ్చింది:

```csharp
rend.material.color = c;
```

యూనిటీలో `.material` అని తాకగానే ఆ వస్తువు కోసం మెటీరియల్‌కు ఒక కొత్త నకలు తయారవుతుంది. 3,200 బల్బులకు 3,200 నకళ్లు తయారయ్యాయి. తెర మీద ఏ తేడా కనిపించదు గనక ఇది ఎన్నాళ్లయినా దొరకదు. మందు కూడా చిన్నదే. మెటీరియల్ మీద `Enable GPU Instancing` టిక్ పెట్టి, షేడర్‌లో రంగును ఒక్కో బల్బుకూ వేరుగా ఉండగల గుణంగా ప్రకటించి, రంగును ఇలా పంపితే సరి:

```csharp
block.SetColor("_Color", c);
rend.SetPropertyBlock(block);
```

ఇప్పుడు క్యాప్చర్‌లో అన్ని వేల `DrawIndexed` బదులు కొద్ది `DrawIndexedInstanced` ఆదేశాలు మాత్రమే ఉన్నాయి. ఒక్కో ఆదేశం వందల బల్బులను ఒకేసారి గీస్తుంది. రెండర్ థ్రెడ్ పని 6 మిల్లీసెకన్లకు పడిపోయింది, ఫ్రేము 11కి. ప్రొఫైలర్ చిత్రం కూడా తలకిందులైంది. మెయిన్ థ్రెడ్‌లో నిరీక్షణ పోయి, రెండర్ థ్రెడ్‌లో `Gfx.WaitForCommands` అన్న పట్టీ వచ్చింది. అంటే ఇప్పుడు వెనకబడింది మెయిన్ థ్రెడ్. ఇంకా వేగం కావాలంటే వెతకాల్సింది ఆట లెక్కల్లో. యూనిటీ కొత్త వెర్షన్లలో ఈ పట్టీ పేరు `Gfx.WaitForGfxCommandsFromMainThread` అని ఉంటుంది, అర్థం అదే.

ఇదే చూపు అన్‌రియల్ ఇంజిన్‌లోనూ పనికొస్తుంది. అక్కడ `stat unit` అని టైప్ చేస్తే `Frame`, `Game`, `Draw`, `GPU` అని అంకెలు వరసగా వస్తాయి. `Game` అంటే మెయిన్ థ్రెడ్, `Draw` అంటే రెండర్ థ్రెడ్. `Frame` అంకెకు ఏది దగ్గరగా ఉంటే అనుమానం దాని మీద. పిక్సెళ్ల పరీక్షకు `r.ScreenPercentage 50` చాలు.

ఎవరి మీదా బరువు లేకుండానే ఆలస్యమయ్యే దృశ్యాలూ ఉంటాయి. సీపీయూ 10, జీపీయూ 12, ఫ్రేము మాత్రం 22. సమయాలు కూడికలా కనబడితే ఇద్దరూ ఒకేసారి పనిచేయడం మానేసి వంతులవారీగా చేస్తున్నారని అర్థం. జీపీయూ గీసిన బొమ్మను అదే క్షణంలో తిరిగి చదివే `ReadPixels` లాంటి పిలుపు ఇందుకు తరచుగా కారణం. అది జీపీయూ ముగించేదాకా సీపీయూని ఆపేస్తుంది, ఆ తర్వాత కొత్త ఆదేశాలు వచ్చేదాకా జీపీయూ ఖాళీగా ఉంటుంది.

ఫ్రేమ్ క్యాప్చర్ చెప్పలేనిదేమిటో కూడా తెలియాలి. అందులో ఆట లెక్కలు లేవు. రెండర్‌డాక్ దాచిన ఆదేశాలను తన వేగంతో మళ్లీ ఆడిస్తుంది, అసలు ఆటలో అవి ఎంత ఆలస్యంగా వచ్చాయో దానికి తెలియదు. అందుకే క్యాప్చర్ ఒక్కటే చూసి సీపీయూ మీద తీర్పు చెప్పలేం, ప్రొఫైలర్ ఒక్కటే చూసి జీపీయూ లోపలి సంగతి చెప్పలేం. పైగా క్యాప్చర్ ఒక్క ఫ్రేముదే. నిమిషానికోసారి వచ్చే కుదుపు అందులో పడకపోవచ్చు.

ఫోన్ల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. మాలి, అడ్రినో లాంటి ఫోన్ జీపీయూలు తెరను చిన్న గళ్లుగా విడగొట్టి, ముందు అన్ని వస్తువుల త్రిభుజాలనూ సర్ది, తర్వాత గడికో గడి చొప్పున రంగు వేస్తాయి. ఒక వస్తువు పని చాలా గళ్లలో చెదిరిపోతుంది కాబట్టి అక్కడ ఒక్కో డ్రా కాల్ సమయానికి పెద్ద అర్థం ఉండదు. ఒక పాస్ మొత్తానికి ఎంత పట్టిందో చూడాలి. ఫోన్ వేడెక్కితే చిప్ వేగం దానంతట అదే తగ్గుతుంది. పని తక్కువున్నా బ్యాటరీ కోసం వేగం తగ్గించుకుంటుంది. అప్పుడు ‘జీపీయూ 90 శాతం’ అని కనబడినా అది తగ్గిన వేగంలో 90 శాతమే. అందుకే ఫోన్‌లో ఆట మొదలైన వెంటనే ఒకసారి, పదిహేను ఇరవై నిమిషాలు ఆడాక మరోసారి కొలిచి, రెండూ విడిగా రాసుకోవాలి.

మీ గేమ్ గురించి స్నేహితుడినో, సీనియర్‌నో సలహా అడిగేటప్పుడు ‘ఫ్రేములు పడిపోతున్నాయి’ అని మాత్రమే రాయకండి. ఏ యంత్రం, ఏ రిజల్యూషన్, వీసింక్ ఉందా లేదా అన్నది రాయండి. మెయిన్ థ్రెడ్, రెండర్ థ్రెడ్, జీపీయూల సమయాలు మూడూ మిల్లీసెకన్లలో, వాటిలో నిరీక్షణ ఎంతో విడిగా తీసి ఇవ్వండి. రిజల్యూషన్ సగం చేస్తే ఏమైందో ఒక ముక్క జోడించండి. ఆ వివరాలు ముందుంటే అవతలివాళ్లు అడగాల్సిన ప్రశ్నల్లో సగం మిగలవు.